సికింద్రాబాద్ దోమకు ఇథియోపియాలో రాసే తలరాత

పోయిన వానాకాలంలో మా అపార్ట్‌మెంట్ పైట్యాంకు మూత పగిలింది. రేపు మాపు అంటూ మూడు వారాలు గడిపేశాం. ఒకరోజు వాచ్‌మన్ బకెట్‌లో నీళ్లు తోడి తెచ్చి, "మేడం, పురుగులు పడ్డయ్ సూడుర్రి" అన్నాడు. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పిన అలవాటు కదా, పారబోయక కూర్చుని చూశాను. మురుగుకాలవల్లో పెరిగే క్యూలెక్స్ దోమ లార్వా నీటిలో తలకిందులుగా వేలాడుతుంది. ఇవి అలా లేవు. నీటి మీద చాప పరుచుకున్నట్టు అడ్డంగా పడుకుని ఉన్నాయి. అంటే అనాఫిలిస్. ఊరి మధ్య, మంచినీళ్ల ట్యాంకులో పెరిగే అనాఫిలిస్ అంటే చాలావరకు స్టెఫెన్సై. మన నగరాల్లో మలేరియా మోసేది అదే.

ఈ దోమ మాకు పాత చుట్టమే. మా ఇంటికి కాస్త దూరంలో, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు చూశాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమ అది. మలేరియా దోమలోకి వెళుతుందనడానికి దొరికిన మొదటి సాక్ష్యం ఆ కణాలే. రెక్కల మీద మచ్చలున్న ఆ దోమ బహుశా స్టెఫెన్సై అయి ఉంటుందని తర్వాతివాళ్లు తేల్చారు.

ఇప్పుడు ఆ దోమ ఊరు దాటింది. 2012లో జిబూతీలో కనబడింది. 2016లో ఇథియోపియాలో, ఆ తర్వాత సూడాన్, సొమాలియా, నైజీరియా, కెన్యా, ఘనాల్లో. ఆఫ్రికా మలేరియా ఇన్నాళ్లూ ప్రధానంగా పల్లెల జబ్బు. అక్కడి సొంత దోమ గాంబియే వాననీటి గుంటల్లో పెరుగుతుంది, కాంక్రీటు నగరంలో దానికి అంత చోటు దొరకదు. మన దోమకు డ్రమ్ములు, ట్యాంకులు, కట్టుబడి గుంతలు ఉంటే చాలు. 2022లో ఇథియోపియాలోని డిరె డావా నగరంలో ఎండాకాలంలో మలేరియా ఒక్కసారిగా చెలరేగినప్పుడు దాని వెనక ఉన్నది స్టెఫెన్సైయే అని పరిశోధకులు గుర్తించారు. మందులకు లొంగని ఈ పరాయి దోమను, వదిలిన కొన్ని దోమల నుంచి తరతరాలుగా గుంపంతటికీ పాకే జన్యుమార్పు అయిన జీన్ డ్రైవ్‌తో ఆపాలన్న మాట అందుకే గట్టిగా వినబడుతోంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత వెతుక్కోవాల్సిన పని లేకుండా. ఏటా మలేరియాతో చనిపోయే దాదాపు 6 లక్షల మందిలో అత్యధికులు ఆఫ్రికాలోని ఐదేళ్లలోపు పిల్లలు. వాళ్లు తమ దోమ గాంబియే మీద జీన్ డ్రైవ్ వాడుకోవాలనుకుంటే, తగిన పరీక్షల తర్వాత, నాకు అభ్యంతరం లేదు. కానీ స్టెఫెన్సై మీద, హద్దు లేకుండా పాకే రకం డ్రైవ్ వదలడానికి నేను వ్యతిరేకిని. రెండిటికీ తేడా ఏమిటో తెలియాలంటే, అసలు ఇది ఎలా పాకుతుందో చూడాలి.

మామూలు వారసత్వం అన్నదమ్ముల వాటా లాంటిది. ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. బిడ్డకు ఆ రెండిట్లో ఏదో ఒకటి వెళుతుంది. బొమ్మా బొరుసూ. ఇక్కడ నా క్లాసులో పిల్లలు ఎప్పుడూ ఒక పొరపాటు చేసేవారు: కొత్త జన్యువును అడవిలో వదిలితే పాలల్లో నీళ్లు కలిసినట్టు పలచబడి పోతుందనుకునేవారు. పోదు. మేలూ కీడూ చేయని జన్యువు నూటికి ఒకటి చొప్పున ఉంటే, పెద్ద గుంపులో తరాలు గడిచినా ఇంచుమించు నూటికి ఒకటిగానే ఉంటుంది. పెరగదు, తరగదు. దోమకు కీడు చేసే జన్యువైతే మాత్రం త్వరగా తుడిచిపెట్టుకుపోతుంది.

జీన్ డ్రైవ్ ఈ వాటాల లెక్కనే మార్చేస్తుంది. ఆ జన్యువుతోపాటు ఒక కత్తెర ఉంటుంది. కాస్9 అనే ప్రొటీన్ కోస్తుంది, ఎక్కడ కోయాలో గైడ్ ఆర్‌ఎన్‌ఏ చూపిస్తుంది. రెంటినీ కలిపి క్రిస్పర్ అంటున్నాం. దోమ వీర్యకణాలు, అండాలు తయారయ్యే కణాల్లో ఈ కత్తెర తెరుచుకుని, ఎదురుగా ఉన్న జత క్రోమోజోమ్‌ను సరిగ్గా అదే చోట తెంపుతుంది. తెగిన డీఎన్ఏను కణం అలా వదలదు. పక్కనున్న తెగని ప్రతిని చూసి నకలు రాసి అతికిస్తుంది. పక్కన ఉన్నది డ్రైవే కాబట్టి కత్తెరతో సహా డ్రైవ్ మొత్తం నకలైపోతుంది. తమ్ముడి దస్తావేజు చింపేసి, "మూలప్రతి పోయింది, నా దాన్ని చూసి రాయండి" అని రిజిస్ట్రార్ చేతనే రాయించుకున్న అన్నలాంటిదిది. రిజిస్ట్రార్ తప్పేమీ చేయలేదు. తన పని తాను చేశాడు. ఆస్తి మాత్రం మొత్తం ఒకరి పేరు మీదికి వెళ్లింది. పిల్లల్లో సగం మందికి వెళ్లాల్సిన జన్యువు దాదాపు అందరికీ వెళుతుంది. వాళ్లలో మళ్లీ కత్తెర తెరుచుకుంటుంది.

ఇలాంటి స్వార్థపు జన్యువులు ప్రకృతిలో ముందునుంచీ ఉన్నాయి. వాటిలో ఒక రకాన్ని దోమల మీదకు మళ్లించవచ్చని లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీకి చెందిన ఆస్టిన్ బర్ట్ 2003లో రాశాడు. అప్పట్లో కావలసిన చోట కోసే కత్తెర చేయడం నరకం. క్రిస్పర్ రాగానే ఆ కష్టం పోయింది. 2014లో కెవిన్ ఎస్వెల్ట్, ఆయన సహచరులు దీన్ని ఎలా చేయవచ్చో వివరించారు. ఏడాది తిరగకుండానే కాలిఫోర్నియాలో మరో బృందం పండ్ల ఈగలో చేసి చూపింది.

పాకే వేగం ఎంతో లెక్క కట్టడానికి కంప్యూటర్ అక్కర్లేదు. డ్రైవ్ వల్ల దోమకు ఏ నష్టమూ లేదని, కత్తెర ఎప్పుడూ గురి తప్పదని అనుకుందాం. అప్పుడు డ్రైవ్ లేని మామూలు ప్రతి తర్వాతి తరానికి వెళ్లాలంటే ఒకే దారి, తల్లిదోమలో గానీ తండ్రిదోమలో గానీ రెండు ప్రతులూ మామూలువే అయి ఉండాలి. ఒకటి డ్రైవ్ అయితే రెండోది కూడా డ్రైవ్ అయిపోతుంది కనుక. మామూలు ప్రతుల వాటా p అనుకుంటే, తర్వాతి తరంలో అది దానికి వర్గం:

p' = p²

ఇంతే. డ్రైవ్ నూటికి 1 ఉంటే మామూలువి 0.99. వర్గం చేస్తూ పోండి: 0.98, 0.96, 0.92, 0.85, 0.72, 0.53, 0.28, 0.08, చివరికి 0.006. తొమ్మిది తరాల్లో నూటికి 1 ఉన్నది నూటికి 99 దాటింది. మొదటి నాలుగు తరాల్లో ఎవరూ గుర్తుపట్టరు, 1 నుంచి 15కు వచ్చి ఉంటుంది. ఆ తర్వాతి ఐదింట్లో పని అయిపోతుంది. చక్రవడ్డీకి అప్పు చేసినవాడికి ఈ లెక్క కొత్తగా చెప్పనక్కర్లేదు. వెచ్చటి చోట దోమకు ఒక తరం అంటే రెండు మూడు వారాలు.

పిల్లలు అడిగిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. "దోమల్ని చంపే జన్యువైతే, మోసే దోమలు ముందే చావాలి కదా మేడం, ఇక పాకేదెలా?" సరైన ప్రశ్న. జవాబు 2018లో ఇంపీరియల్ కాలేజీలో ఆండ్రియా క్రిసాంటి బృందం చేసిన ప్రయోగంలో ఉంది. దాన్ని కాస్త నిదానంగా చూద్దాం.

వాళ్లు గాంబియే దోమలో డబుల్‌సెక్స్ అనే జన్యువును ఎంచుకున్నారు. పురుగు మగదిగా పెరగాలా ఆడదిగా పెరగాలా అన్నది నిర్ణయించే జన్యువది. అందులో ఒక ముక్క ఆడదోమలకు మాత్రమే పనికొస్తుంది. డ్రైవ్‌ను సరిగ్గా ఆ ముక్క మొదట్లో పెట్టారు. మగదోమకు ఆ ముక్కతో పనే లేదు కాబట్టి రెండు ప్రతులు పాడైనా దర్జాగా తిరుగుతుంది. ఆడదోమకు ఒక ప్రతి పాడైతే రెండోదానితో గుడ్లు పెడుతుంది. రెండూ పాడైతే మాత్రం అటూ ఇటూ కాని శరీరం వస్తుంది. కుట్టదు, గుడ్లు పెట్టదు.

కిటుకంతా ఇక్కడే ఉంది. డ్రైవ్ అరుదుగా ఉన్నప్పుడు దాన్ని మోసే దోమ మామూలు దోమతోనే జతకడుతుంది, ఎక్కడ చూసినా అవే కాబట్టి. పిల్లలకు ఒక్క ప్రతే అందుతుంది, పెద్ద నష్టం కనబడదు. రెండు పక్కలా డ్రైవ్ ఉన్న తల్లిదండ్రులు ఎదురుపడాలంటే అది ఊరంతా నిండాలి. ఊరంతా నిండాకే గొడ్డు ఆడదోమలు గుంపులుగా పుడతాయి. విషం పనిచేయడం మొదలయ్యేసరికి పంచాల్సిన చోటల్లా పంచేసి ఉంటుంది.

ఒక్కో పంజరంలో 300 మామూలు ఆడదోమలు, 150 మామూలు మగవి, డ్రైవ్ ఒక ప్రతి మోసే 150 మగవి వదిలారు. అంటే ప్రతుల లెక్కలో డ్రైవ్ వాటా 12.5 శాతం. ఇలాంటి పంజరాలు రెండు. డ్రైవ్‌కు ఎర్రగా మెరిసే గుర్తు కట్టి ఉంది కాబట్టి ప్రతి తరంలో లార్వాలను మైక్రోస్కోపు కింద పెట్టి మెరిసేవెన్నో లెక్కపెట్టారు, గుడ్ల సంఖ్య రాసుకున్నారు. ఒక పంజరంలో 7 తరాల్లో, ఇంకోదాంట్లో 11 తరాల్లో ప్రతి దోమా డ్రైవ్ మోసేదయింది. తర్వాత గుడ్లు లేవు. పంజరం ఖాళీ. తర్వాత ఇటలీలోని తెర్నిలో, సహజ వాతావరణానికి దగ్గరగా ఉండే పెద్ద గదుల్లో చేసి చూశారు. అక్కడా ఏడాది లోపే దోమలు అంతరించాయి. ఆ ఫలితం 2021లో వచ్చింది.

డబుల్‌సెక్స్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే, అంతకుముందు దెబ్బతిన్నారు కాబట్టి. ఆడదోమల సంతానశక్తికి సంబంధించిన మరో జన్యువు మీద చేసిన డ్రైవ్ మొదటి కొన్ని తరాలు బాగా పాకి, తర్వాత వెనక్కి తగ్గింది. కారణం ఆ రిజిస్ట్రార్ గారే. తెగిన చోట నకలు రాయడానికి బదులు కణం ఒక్కోసారి తోచినట్టు అతికేస్తుంది. ఒకటి రెండు అక్షరాలు పోతాయి, చేరతాయి. అలా అక్షరం మారిన చోటును గైడ్ గుర్తుపట్టలేదు, కత్తెర కోయలేదు. ఆ మారిన జన్యువు ఇంకా పనిచేస్తోందంటే, డ్రైవ్ పాకేకొద్దీ అలాంటి దోమే బతికి బట్టకడుతుంది. 25 తరాలు గమనిస్తే పంజరమంతా ఇలాంటి మొండి ప్రతులు నిండిపోయాయి. మనుషులు దోమల మందులతో ఎదుర్కొన్న కథే, ఇంకాస్త వేగంగా. డబుల్‌సెక్స్‌లోని ఆ ముక్కలో అక్షరం మారితే జన్యువే పనిచేయదు. అందుకే ప్రకృతి దాన్ని కదలనివ్వలేదు. ఆఫ్రికాలో పట్టిన 765 అడవి దోమల జన్యుక్రమాలు వెతికితే ఆ గురిచోటులో ఒకే ఒక్క అరుదైన తేడా కనబడింది. పంజరాల్లో అక్కడ కూడా తప్పు అతుకులు పడ్డాయి గానీ, వాటిని మోసే ఆడదోమలు కూడా గొడ్డువే అయ్యాయి కాబట్టి అవి నిలవలేదు.

ఆరు వందల దోమల పంజరంలో రాని మార్పు, కోట్లకు కోట్ల దోమల ఖండంలో రాదని చెప్పలేం. నేను ఉత్సాహపడని కారణాల్లో ఇదొకటి. కానీ వ్యతిరేకించే కారణం ఇది కాదు. డ్రైవ్ విఫలమైతే డబ్బు పోతుంది, కొన్నేళ్లు పోతాయి. నా బెంగ అది సఫలమైతే సంగతేమిటని.

సఫలమైతే ముందుగా వినబడే ప్రశ్న: "దోమలు పోతే వాటిని తినే కప్పలూ గబ్బిలాలూ ఏమైపోతాయి?" ఈ ప్రశ్నను నేను తోసిపుచ్చను గానీ, గాంబియే విషయంలో దీనికి ఎక్కువ బరువిస్తున్నారనిపిస్తుంది. ఆఫ్రికాలో వందలాది దోమజాతులున్నాయి, గాంబియే వాటిలో ఒకటి. అది లేకపోతే ఆకలితో చచ్చే జంతువు ఏదైనా ఉందా అని వెతికినవాళ్లకు అలాంటిది దొరకలేదు. దగ్గరగా వచ్చింది విక్టోరియా సరస్సు ఒడ్డున ఉండే ఒక చిన్న గెంతే సాలీడు. రక్తం తాగి పొట్ట ఉబ్బిన అనాఫిలిస్‌ను ఏరుకుని మరీ తింటుంది, మనిషి రక్తాన్ని దోమ పొట్టలోంచి తాగినట్టు. అదైనా ఆ ఒక్క జాతి మీదే ఆధారపడదు, వేరే దోమల్నీ తింటుంది. పైగా ఇన్నేళ్లుగా దోమతెరలతో, గోడల మీద మందుతో ఆ దోమల్ని తగ్గిస్తూనే ఉన్నాం. ఆ మందు సాలీడునూ తేనెటీగనూ కూడా చంపుతుంది, డ్రైవ్ చంపదు. ఖాళీ అయిన గుంటలోకి ఎవరొస్తారన్నది అంతకంటే మంచి ప్రశ్న. ఫ్యూనెస్టస్ వంటి ఇంకో మలేరియా దోమ వస్తే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

మనం అడగాల్సింది తినే జీవుల గురించి కన్నా హద్దుల గురించి. p' = p² అనే లెక్కలో ఎక్కడా "ఈ ఊరి వరకే" అన్న మాట లేదు. గాలి, లారీ, ఓడ, ఏది మోసుకెళ్లినా సరే. మాలిలో హీలియం బెలూన్లకు జిగురు వలలు కట్టి రాత్రిళ్లు ఎగరేస్తే 290 మీటర్ల ఎత్తు దాకా మలేరియా దోమలు చిక్కాయి. ఒక్క రాత్రి గాలివాటున అవి 300 కిలోమీటర్ల దాకా వెళ్లగలవని 2019లో ప్రచురించిన ఆ పరిశోధన అంచనా. మామూలు వలస దోమ కొత్తచోట నాలుగు పిల్లల్ని కని, ఆ ఊరి గుంపులో కలిసిపోతుంది. డ్రైవ్ మోసే దోమ నాలుగు వస్తే చాలు, లెక్క మళ్లీ మొదలవుతుంది. 2018లో ఎస్వెల్ట్ సహచరులు చేసిన గణితం కూడా ఇదే చెప్పింది: మొండి ప్రతులు పుట్టినా సరే, ఇప్పటి రకం డ్రైవ్‌లు కొద్దిపాటి జీవులు తప్పించుకున్నా కొత్త గుంపుల్లో పాకే అవకాశం ఎక్కువ.

జాతి హద్దు కూడా గట్టిది కాదు. గాంబియేకి కొలుజీ, అరేబియెన్సిస్ అనే తోబుట్టు జాతులున్నాయి. అవి అప్పుడప్పుడు జతకడతాయి, వాటి మధ్య జన్యువులు అటూ ఇటూ నడిచిన గుర్తులున్నాయి. ఆ ముగ్గురూ మలేరియా దోమలే కాబట్టి వాళ్ల విషయంలో దీన్ని లాభంగా కూడా లెక్కేసుకుంటారు.

అడవిలో ఇలాంటి పాకుడు మనం ఇంతవరకూ చూడనే లేదా అంటే, మనిషి చేసిన జీన్ డ్రైవ్‌ను ఇప్పటివరకు ఎక్కడా బయట వదల్లేదు. కానీ ప్రకృతి ఒకటి చేసి చూపించింది. మామిడిపండు మీద వాలే పండ్ల ఈగలో పీ ఎలిమెంట్ అనే దూకుడు డీఎన్ఏ ముక్క ఉంది. డ్రైవ్‌కు వరసకు తమ్ముడు, తనను తాను నకలు చేసుకుంటూ పోవడమే దాని పని. ప్రయోగశాలల్లో సీసాల్లో తరతరాలుగా పెంచుతున్న పాత ఈగల్లో అది లేదు. బయట పట్టిన కొత్త ఈగల్లో ఉంది. పాత ఆడ ఈగను కొత్త మగ ఈగతో జతకడితే పిల్లలు గొడ్డువయ్యేవి, శాస్త్రవేత్తలకు మొదట అదే అంతుబట్టలేదు. చివరికి తేలిందేమిటంటే, అది వేరే జాతి ఈగ నుంచి ఇరవయ్యో శతాబ్దంలోనే దూకి, కొన్ని దశాబ్దాల్లో ప్రపంచంలోని అడవి ఈగలన్నిటా నిండింది. సీసాల్లో ఉన్నవి మాత్రమే తప్పించుకున్నాయి. ఈ మధ్య కాలంలో అది ఇంకో దగ్గరి జాతిలోకీ పాకింది. ఈగలేమీ అంతరించలేదు, మామిడిపండ్ల మీద ఇంకా వాలుతూనే ఉన్నాయి. నా వాదానికి ఇది పూర్తిగా అనుకూలమైన ఉదాహరణ కాదని తెలుసు. కానీ సముద్రాలు గానీ, జాతుల గోడలు గానీ ఆపలేదన్నది మాత్రం నిజం.

ఇప్పుడు స్టెఫెన్సై దగ్గరికి రండి. ఆఫ్రికాలో అది పరాయిది, తరిమేయాల్సింది. మన దగ్గర అది సొంతది. దక్షిణాసియా నుంచి ఇరాన్, అరేబియా ద్వీపకల్పం దాకా దాని పుట్టిల్లు. ఎర్రసముద్రానికి అటువైపు వదిలినది ఇటువైపు రావడానికి పెద్ద ప్రయాణం అక్కర్లేదు. అసలు ఆ దోమ అక్కడికి వెళ్లిందే ఓడల మీదనో సరుకుల మధ్యనో అయి ఉంటుంది, తిరుగు టపాకు అదే దారి చాలు.

"వస్తే మంచిదే కదా, మన మలేరియా కూడా పోతుంది" అంటాడు మా అబ్బాయి. సగం నాకూ అలాగే అనిపిస్తుంది, దోమ మీద జాలిపడేంత మంచిదాన్ని కాను. కానీ పరాయి గడ్డ మీద పదేళ్ల క్రితం దిగిన దోమను తొలగించడం వేరు, ఇక్కడి చెరువుల్లో, బావుల్లో వేల ఏళ్లుగా ఉన్నదాన్ని తొలగించడం వేరు. ఆఫ్రికాలో సాలీడు కోసం వెతికినట్టు మన దగ్గర స్టెఫెన్సైని ఏది తింటుంది, దాని స్థానంలోకి ఏది వస్తుందన్న లెక్క మనం తీయాలి. ఒక్కటి మాత్రం ఆలోచించండి. ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ అయితే అందులోకి దిగడానికి ఏడిస్ ఈజిప్టై, డెంగీ దోమ, ఇప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. ఆ రెండూ ఒకే నీటిలో పెరగడం కార్పొరేషన్ మలేరియా విభాగం వాళ్లు రోజూ చూసేదే.

దోమను చంపకుండా మార్చే డ్రైవ్ కూడా ఉంది, అది ప్రత్యేకంగా స్టెఫెన్సై కోసమే చేశారు. కాలిఫోర్నియాలో ఆంథొనీ జేమ్స్, ఈథన్ బియర్ బృందాలు 2015లో మలేరియా పరాన్నజీవిని అడ్డుకునే యాంటీబాడీ జన్యువులను డ్రైవ్‌కు కట్టి ఈ దోమలోకి పంపారు. మగదోమల ద్వారా 99 శాతానికి పైగా పిల్లలకు అందింది. ఆడదోమల దగ్గర చిక్కొచ్చింది. తల్లి తన గుడ్డులో కత్తెరను కూడా పెట్టి పంపడంతో, పిండంలో అది తొందరపడి కోసేసి, తప్పు అతుకులు, మొండి ప్రతులు పుట్టించింది. 2020లో ఆ లోపం సరిదిద్ది, ఆడదోమకు నష్టం లేకుండా చేశారు. పంజరాల్లో 5 నుంచి 11 తరాల్లో 95 శాతం పైగా దోమల్లోకి వెళ్లింది. దోమ ఉంటుంది, జబ్బు మోయదు. పర్యావరణం వైపు నుంచి చూస్తే ఇది చాలా మెత్తటి ఉపాయం, నాకు నచ్చినదీ ఇదే. కానీ హద్దు లేకపోవడంలో రెండూ ఒకటే. పైగా పరాన్నజీవి యాంటీబాడీని తప్పించుకోవడం నేర్చుకుంటే, పనిచేయని సరుకును ఖండాల దోమలన్నీ మోస్తూ ఉంటాయి. వెనక్కి తీసుకునే చీటీ లేదు. గాంబియేలో డ్రైవ్‌ను ఆపే దోమను ఇంపీరియల్ వాళ్లు 2021లో పంజరంలో చేసి చూపారు. అయితే ఆపడమంటే ఇంకో జన్యుమార్పిడి దోమను వదలడమే. మొదటిదాన్ని తుడిచి పాత దోమను తెచ్చివ్వడం కాదు.

ఇది నా ఒక్కదాని భయమే అయితే ఇంత రాసేదాన్ని కాదు. న్యూజిలాండ్ 2050 నాటికి ఎలుకలు, స్టోట్‌లు, పాసమ్‌లు లేని దేశం కావాలనుకుంది, వాటివల్ల అక్కడి ఎగరలేని పక్షులు అంతరిస్తున్నాయి కాబట్టి. జీన్ డ్రైవ్ పేరు అక్కడా వినబడింది. పాసమ్ అనే ఆ తోకజంతువు న్యూజిలాండ్‌కు పీడ, పక్కనే ఉన్న ఆస్ట్రేలియాలో అది సొంత జంతువు, చట్టం కాపాడే జంతువు. డ్రైవ్ ఉన్న ఒక జతను ఎవరైనా దొంగచాటుగా అక్కడికి తీసుకెళ్లినా, అవే తప్పించుకుని చేరినా కథ మారిపోతుంది. 2017లో ఎస్వెల్ట్ న్యూజిలాండ్ శాస్త్రవేత్త నీల్ గెమ్మెల్‌తో కలిసి రాస్తూ, తనంతట తాను పాకే డ్రైవ్‌ను పరాయి జీవుల నిర్మూలనకు వాడొచ్చని తాను గతంలో సూచించడం పొరపాటని ఒప్పుకున్నాడు. ఈ ఆలోచన పుట్టించినవాళ్లలో ఒకడే ఇలా అన్నాడు. గాంబియే లాగా ఆ దోమ ఉన్న దేశాలన్నిటికీ అదే శత్రువైతే, అందరూ ఒప్పుకుంటే, ఆ మాట వేరు. పాసమ్‌కూ స్టెఫెన్సైకీ ఆ సౌలభ్యం లేదు.

హద్దున్న డ్రైవ్‌లు ఉన్నాయి కదా అని మీరడగవచ్చు. ఉన్నాయి, కాగితం మీద ఎక్కువగా, పంజరంలో కొన్ని. కత్తెరను ఒక చోట, గైడ్‌ను ఇంకో చోట విడదీసి పెట్టేది ఒక రకం. అప్పుడు కత్తెర మామూలు వాటా లెక్కనే వెళుతుంది, పెరగదు. అది దోమకు కాస్త కీడు చేసేదైతే తరతరానికీ తగ్గుతూ పోయి, డ్రైవ్ కొన్నాళ్లకు నిలిచిపోతుంది. గుంపులో ఒక స్థాయి దాటితేనే పాకే రకం ఇంకొకటి. నాలుగు దోమలు తప్పించుకుంటే ఆ స్థాయికి చేరవు. వీటికి దోమలను ఎక్కువగా, మళ్లీ మళ్లీ వదలాలి, ఖర్చు ఎక్కువ. డిరె డావా లాంటి నగరాలకు నేను కోరేది ఇదే. ఒక నగరం ట్యాంకుల్లోని దోమ మీద, ఆ నగరం డబ్బుతో, ఆ నగరం దాకే.

మనదేశంలో ఈ విషయంలో ఒక పాత గాయం కూడా ఉంది. 1970ల మొదట్లో ఢిల్లీ దగ్గర ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐసీఎంఆర్ కలిసి అమెరికా డబ్బుతో గొడ్డు మగదోమలను వదిలే పరిశోధన నడిపాయి. ఊళ్లలో జనానికి సరిగా చెప్పలేదు. డెంగీ దోమే ఎందుకు, ఇది జీవాయుధాల పరిశోధన కాదు కదా అని పత్రికలు అడిగాయి, పార్లమెంటు కమిటీ అడిగింది. సోనీపత్‌లో తలపెట్టిన విడుదల 1975లో ఆగిపోయింది. ఆరోపణల్లో పస ఎంత అన్నది అలా ఉంచితే, ఆ దోమలు గొడ్డువి. వదలడం ఆపితే నెల రోజుల్లో జాడ ఉండదు. అలాంటివాటికే అంత గొడవైంది. 2025 ఆగస్టులో బుర్కినా ఫాసో ప్రభుత్వం జన్యుమార్పిడి దోమల మీద పనిచేసే టార్గెట్ మలేరియా ప్రాజెక్టును ఆపేసినప్పుడు అక్కడ వదిలిన దోమల్లో కూడా డ్రైవ్ లేదు.

మరి అవతలి ఒడ్డున ఎవరైనా నిజంగా డ్రైవ్ ఉన్న స్టెఫెన్సైని వదిలితే మన చేతిలో ఏముందని చూశాను. జన్యుమార్పిడి జీవుల రవాణాకు కార్టజీనా ప్రోటోకాల్ ఉంది, మనమూ ఇథియోపియా కూడా అందులో సభ్యులం. అనుకోకుండా హద్దు దాటే జీవుల గురించి అందులో 17వ అధికరణం చెబుతుంది. అలాంటిది జరిగిందనో, జరగవచ్చనో తెలిసిన దేశం, దెబ్బ తగిలే దేశానికి తెలియజేయాలి. ఏం చేయాలో సంప్రదించుకోవాలి. అడిగి ఒప్పుకోలు తీసుకోవాలని మాత్రం ఆ అధికరణంలో లేదు. మా ట్యాంకుకు కొత్త మూత వచ్చింది, గొట్టానికి జాలీ కట్టించాను. ఢిల్లీకి వచ్చే ఆ ఉత్తరంలో నీటి మీద చాపలా పడుకునే ఈ లార్వాల గురించి ఏం రాస్తారో, ఎవరు చదువుతారో నాకు తెలియదు.